టన్నుకు తగ్గింది, మరి మొత్తం మీద?

ఒక సిమెంటు కంపెనీ వార్షిక నివేదిక ఇలా ఉందనుకుందాం. అట్ట మీద సోలార్ పలకలు, మొక్కలకు నీళ్లు పోస్తున్న బడిపిల్లలు. తెరవగానే పెద్ద అక్షరాల్లో ఒకే వాక్యం: 'టన్నుకు 10 శాతం తక్కువ కార్బన్.'

లెక్క వేసి చూడాలి. నిరుడు ఆ కంపెనీ 10 లక్షల టన్నుల సిమెంటు చేసింది. టన్నుకు 700 కిలోల చొప్పున 7 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలింది. ఈ ఏడు టన్నుకు 630 కిలోలే, కానీ తయారీ 14 లక్షల టన్నులకు పెరిగింది. అంటే వదిలింది 8.82 లక్షల టన్నులు, నిరుటి కన్నా 26 శాతం ఎక్కువ. అట్ట మీద మాటలో అబద్ధం లేదు. అయినా చదివినవాళ్లు కాలుష్యం తగ్గిందనే అనుకుంటారు. గ్రీన్‌వాషింగ్ ఎక్కువగా ఇలాగే, నిజమైన అంకెలతోనే జరుగుతుంది.

మొత్తం అంకె దొరికే చోటు వేరే ఉంది. మార్కెట్ విలువలో ముందున్న 1000 లిస్టెడ్ కంపెనీలు బీఆర్‌ఎస్‌ఆర్ అనే పట్టిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. అందులో ఆరో సూత్రం పర్యావరణానిది. సొంత ఫ్యాక్టరీ వదిలేది స్కోప్ 1 గా, కొన్న కరెంటు వల్ల వచ్చేది స్కోప్ 2 గా అక్కడ కనిపిస్తాయి. రూపాయి అమ్మకానికి ఎంత కార్బన్ అన్న లెక్క కూడా పక్కనే ఉంటుంది. దాన్ని ఒంటరిగా నమ్మకూడదు, బస్తా ధర పెంచినా అది తగ్గిపోతుంది.

ఇప్పుడు సోలార్ పలకల సంగతి. అవి తగ్గించేది కరెంటు వాటానే. సిమెంటుకు అసలు బరువు బట్టీలో ఉంది. సున్నపురాయిని కాల్చి క్లింకర్ చేసేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, బొగ్గు పొగ దానికి అదనం. ఆ రాయి నుంచి వచ్చేదాన్ని ఏ సోలార్ పలకా ఆపలేదు. నల్గొండ, పల్నాడు, కడప జిల్లాల్లో బట్టీల పక్కన బతికేవాళ్లకు ఈ తేడా తెలియాలి.

మొక్కల ఫొటోది ఇంకో ఖాతా. కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోకి వచ్చే సంస్థలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు ఖర్చు పెట్టాలి. ఆ ఖర్చు ఎంత చూపినా బట్టీ లెక్క మారదు.

టన్నుకు కార్బన్ నిజంగా తగ్గాలంటే సిమెంటులో క్లింకర్ పాలు తగ్గాలి, దాని స్థానంలో ఫ్లైయాష్, స్లాగ్ కలవాలి. అందుకే నివేదికలో వెతకాల్సిన అంకె క్లింకర్ నిష్పత్తి. అది మారకుండానే స్కోప్ 1 ఉన్నట్టుండి పడిపోతే, క్లింకర్‌ను బయట కొన్నారేమో చూడాలి. అప్పుడు ఆ పొగ అమ్మినవాడి ఖాతాలోకి, కొన్నవాడి స్కోప్ 3 లోకి జరుగుతుంది. బీఆర్‌ఎస్‌ఆర్‌లో స్కోప్ 3 ఐచ్ఛిక ప్రశ్నల కింద ఉంది. ఆ గడి చాలాసార్లు ఖాళీగానే కనిపిస్తుంది.