సుడుల్ని కదలనివ్వని తీగ

ఎంఆర్‌ఐ యంత్రంలో రోగి పడుకునే సొరంగం చుట్టూ ద్రవ హీలియంతో చల్లబరిచిన తీగచుట్ట ఉంటుంది. మైనస్ 269 డిగ్రీల చలిలో దానికి విద్యుత్ నిరోధం ఉండదు. ఆ చలిలో సీసం కూడా అతివాహకమే. మరి చవకైన సీసంతో ఆ తీగ ఎందుకు చేయరు?

1913లో లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ ఆ ప్రయత్నమే చేశారు. టెస్లాలో పదో వంతు కూడా రాకముందే సీసం మామూలు లోహమైపోయింది.

కారణం 1933లో మైస్నర్, ఓక్సెన్‌ఫెల్డ్‌ల ప్రయోగంతో తేటపడింది: అతివాహకం అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టేస్తుంది. అలా నెట్టడానికి శక్తి ఖర్చవుతుంది. క్షేత్రం పెరిగేకొద్దీ ఖర్చూ పెరిగి, ఒక హద్దు దాటగానే సీసం లాంటి మొదటి రకం పదార్థం ఒక్కసారిగా ఓడిపోతుంది.

ఆస్పత్రి తీగలోని నయోబియం-టైటానియం రెండో రకం. కింది హద్దు వరకు అదీ క్షేత్రాన్ని నెట్టేస్తుంది. ఆపైన మాత్రం సన్నని గొట్టాల్లా లోపలికి రానిస్తుంది. ప్రతి గొట్టం నడిమి భాగం మామూలు లోహం. దాని చుట్టూ విద్యుత్తు సుడి తిరుగుతుంది. ప్రతి సుడీ మోసే అయస్కాంత ప్రవాహం ఒకే పరిమాణం. క్షేత్రం పెరిగితే సుడుల సంఖ్య పెరుగుతుంది. అవి కిక్కిరిసి కలిసిపోయేదే పై హద్దు. ఈ మిశ్రలోహానికి హీలియం చలిలో అది సుమారు 10 టెస్లాలు; ఆస్పత్రిలో కావలసింది సాధారణంగా 1.5 లేదా 3. ఈ సుడుల సిద్ధాంతాన్ని 1957లో ప్రచురించిన అబ్రికోసోవ్‌కు 2003లో నోబెల్ వచ్చింది.

అయితే తీగలో పారే కరెంటు సుడుల్ని పక్కకు తోస్తుంది. అవి కదిలితే వేడి పుడుతుంది. అందుకే తీగను సాగదీస్తూ, వేడిచేస్తూ లోపల టైటానియం రేణువులు ఏర్పడేలా చేస్తారు. సుడులు వాటికి చిక్కుకుని ఆగుతాయి. ఎక్కడైనా పట్టు జారి తీగ వేడెక్కితే అతివాహకత పోతుంది, హీలియం మరిగి పైగొట్టంలోంచి తెల్లని పొగమంచులా బయటికి దూసుకొస్తుంది.