లిఫ్ట్ మార్చాలా, బాగు చేయించాలా?

చాలా అపార్ట్‌మెంట్లలో జనరల్ బాడీ మీటింగ్ నోటీసు ఇలా ఉంటుంది: "ఆదివారం ఉదయం 10 గంటలకు సెల్లార్‌లో మీటింగ్. అజెండా: 1. లెక్కలు 2. లిఫ్ట్ 3. సెక్యూరిటీ 4. ఇతర విషయాలు. అందరూ తప్పక రావలెను." ఇది చూసి వచ్చేవాళ్లు ఏం సిద్ధమై రావాలి? లిఫ్ట్ గురించి ఏదో మాట్లాడతారని తెలుస్తుంది తప్ప ఏం తేల్చబోతున్నారో తెలియదు. అందుకే మీటింగ్‌లో మొదటి అరగంట లిఫ్ట్‌కు ఏమైందో చెప్పడానికే పోతుంది. రెండో అరగంటలో ఎవరో కొటేషన్లు అడుగుతారు. కొటేషన్లు సెక్రటరీ ఫోన్‌లో ఉంటాయి. మధ్యాహ్నం భోజనాల వేళకి "వచ్చే మీటింగ్‌లో చూద్దాం" అని లేస్తారు.

దీనికి మందు మీటింగ్ రోజున దొరకదు. అజెండా రాసేటప్పుడే వేయాలి. ఎలాగో చూడటానికి ఒక లెక్క అనుకుందాం. 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. పాత లిఫ్ట్ తరచూ ఆగిపోతోంది. కొత్తది పెడితే 12 లక్షలు, పాతదాన్నే పూర్తిగా బాగు చేయిస్తే నాలుగున్నర లక్షలు. కార్పస్ ఫండ్‌లో 6 లక్షలున్నాయి.

సెక్రటరీ ముందుగా రాయాల్సింది అజెండా కాదు, మీటింగ్ అయ్యాక మినిట్స్‌లో రాయబోయే తీర్మానం. "లిఫ్ట్‌ను ........ చేయించాలని, ఖర్చు ........ రూపాయలు మించకూడదని, ఆ డబ్బు ........ నుంచి తీయాలని, పని ........ తేదీలోగా పూర్తి చేయించే బాధ్యత ........ తీసుకోవాలని సభ తీర్మానించింది." ఖాళీలతోనే రాయాలి. సభ నింపాల్సినవి ఆ ఖాళీలే. ఈ వాక్యం రాయడానికే కుదరడం లేదంటే, ఉదాహరణకు ఇంకా ఒక్క కొటేషనే వచ్చి ఉంటే, ఆ అంశం జనరల్ బాడీ ముందుకు రావడానికి సిద్ధంగా లేదన్నమాట. దాన్ని కమిటీలోనే ఉంచాలి. 48 కుటుంబాల ఆదివారం ఉదయాన్ని దానికి ఖర్చు పెట్టకూడదు.

తీర్మానం ముసాయిదా కుదిరాక అజెండాలో లైను దానంతటదే వస్తుంది. "లిఫ్ట్" అన్న ఒక్క మాట స్థానంలో ప్రశ్న వస్తుంది: "పాత లిఫ్ట్ మార్చాలా, బాగు చేయించాలా? (నిర్ణయం, ఓటింగ్ ఉంటుంది)." పక్కన ఎవరు వివరిస్తారో, ఎన్ని నిమిషాలో రాయాలి. ఏ అంశం కేవలం సమాచారం, ఏది చర్చ, ఏది నిర్ణయం అన్నది లైనులోనే కనపడాలి. ఈ మూడూ కలిసిపోయిన చోటే గొడవలు మొదలవుతాయి. సమాచారం అనుకొని ఇంట్లో కూర్చున్న సభ్యుడికి మర్నాడు పాతిక వేల డిమాండ్ నోటీసు వస్తే ఊరుకుంటాడా?

తర్వాతది వివరణ కాగితం. కంపెనీల చట్టం 2013లో 102వ సెక్షన్ ఇలాంటిదే అడుగుతుంది: జనరల్ మీటింగ్‌లో ప్రత్యేక అంశం పెడితే, వాటాదారు దాన్ని అర్థం చేసుకొని నిర్ణయానికి రావడానికి కావలసిన వివరాలు నోటీసుతోపాటే పంపాలి. అందులో డైరెక్టర్లకు సొంత లాభం ఏమైనా ఉంటే అదీ చెప్పాలి. అపార్ట్‌మెంట్ సంఘాన్ని ఈ చట్టం కట్టడి చేయదు, కానీ పద్ధతి అరువు తెచ్చుకోదగ్గది. కొటేషన్ ఇచ్చిన కాంట్రాక్టరు ప్రెసిడెంటు గారి బావమరిది అయితే ఆ మాట కాగితంలోనే ఉంటే మంచిది. లేకపోతే మీటింగ్‌లో వెనక వరసలోంచి వస్తుంది.

కాగితం ఒక్క పేజీ చాలు. కొటేషన్లన్నీ యథాతథంగా పంపితే ఎవరూ చదవరు. సభ్యుడికి కావలసింది తన ఇంటి లెక్క. కొత్త లిఫ్ట్ అయితే కార్పస్ మొత్తం ఊడ్చినా ఇంకా 6 లక్షలు కావాలి, అంటే ఫ్లాటుకు 12,500. కార్పస్ ముట్టుకోకపోతే ఫ్లాటుకు 25,000. బాగు చేయిస్తే ఎవరూ చేతి డబ్బు వేయనక్కర్లేదు, కార్పస్‌లో లక్షన్నర మిగులుతుంది, కానీ వారంటీ ఎంతకాలమో చూసుకోవాలి. ఇంతవరకు చదివినవాళ్లు ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకొని వస్తారు. అసలు చర్చలో సగం అక్కడే అయిపోతుంది.

అంశాల వరస కూడా ఆలోచించి పెట్టాలి. సి. నార్త్‌కోట్ పార్కిన్సన్ 1957లో అచ్చయిన తన పుస్తకంలో ఒక కమిటీని వర్ణిస్తాడు. అణు రియాక్టరు ఎవరికీ అర్థం కాదు గనుక నిమిషాల్లో పాసవుతుంది. సైకిల్ షెడ్డు అందరికీ తెలుసు గనుక చర్చ సాగుతూనే ఉంటుంది. మన దగ్గర ఆ షెడ్డు స్థానం గేటు రంగుది. అలాంటివాటిని ముగ్గురికి అప్పగించి అజెండాలోంచే తీసేయడం మేలు. లిఫ్ట్‌ను మొదటి అంశంగా పెడితే ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం అంతా మళ్లీ చెప్పాలి. చివర పెడితే సగం మంది వెళ్లిపోయి ఉంటారు. లెక్కలు దానికి ముందు రావాలి, ఎందుకంటే కార్పస్‌లో ఎంతుందో తేలకుండా లిఫ్ట్ గురించి తేల్చలేరు. ఇక ఆహ్వానం ఇలా తయారవుతుంది:

వార్షిక జనరల్ బాడీ సమావేశం
జూన్ 30, ఆదివారం, ఉదయం 10.00 నుంచి 11.30 వరకు, కమ్యూనిటీ హాలు

10.00 గత సమావేశం మినిట్స్ ఆమోదం
10.05 సంవత్సర లెక్కల ఆమోదం, కార్పస్ నిల్వ (ట్రెజరర్ వివరిస్తారు, లెక్కలు జతచేశాం)
10.20 పాత లిఫ్ట్ మార్చాలా, బాగు చేయించాలా? నిర్ణయం, ఓటింగ్ (సెక్రటరీ వివరిస్తారు, ఒక పేజీ నోట్ జతచేశాం, దయచేసి చదివి రండి)
11.05 వాచ్‌మన్ జీతం పెంపు, నిర్ణయం
11.15 సభ్యులు జూన్ 22లోగా రాసి ఇచ్చిన అంశాలు, చర్చ మాత్రమే
11.30 ముగింపు

కొటేషన్లు పూర్తిగా చూడాలనుకునేవారు ఆఫీసు గదిలో చూడవచ్చు. లిఫ్ట్ మీద సందేహాలు జూన్ 27లోగా పంపితే జవాబుతో వస్తాం.

ముగింపు సమయం రాయడం మనవాళ్లకు అలవాటు లేదు. అది ఉంటేనే పదకొండున్నరకు వేరే పని పెట్టుకున్నవాడు కూడా వచ్చి కూర్చుంటాడు. "ఇతర విషయాలు" అన్న పాత లైనుకు బదులు గడువు తేదీతో పెట్టిన అంశం వచ్చింది, అది కూడా చర్చకే పరిమితం. నోటీసులో లేని విషయం మీద ఓటు పెడితే రానివాళ్లకు అన్యాయం జరుగుతుంది, తీర్మానం నిలబడుతుందా అన్నదీ అనుమానమే.

నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలన్నది మీ బైలాస్‌లో ఉంటుంది. కంపెనీల జనరల్ మీటింగ్‌కు చట్టం 21 పూర్తి రోజులు అడుగుతుంది. పూర్తి రోజులు అంటే నోటీసు అందిన రోజునూ మీటింగ్ రోజునూ లెక్కలోకి తీసుకోకూడదు. మీ బైలాస్ అలాంటివే 14 రోజులు అడిగితే, జూన్ 30 మీటింగ్‌కు నోటీసు జూన్ 15కల్లా చేరాలి. 16న ఇస్తే ఒక రోజు తక్కువ, ఓడిపోయిన వర్గం సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. వాట్సాప్ గ్రూపులో పెట్టి ఊరుకుంటే పండుగ శుభాకాంక్షల కింద నోటీసు మునిగిపోతుంది. అక్కడ పెట్టినా, ఎవరికివారికి విడిగా కూడా పంపాలి. ఫ్లాటు అద్దెకిచ్చి అమెరికాలో ఉన్న యజమానికి మెయిల్ వెళ్లాలి. ఆయన తరఫున మరొకరు ఓటు వేయడానికి బైలాస్ ఒప్పుకుంటే ఆ ఫారం కూడా జతచేయాలి, ఎప్పటిలోగా తిప్పి పంపాలో రాయాలి.

ఆహ్వానం అడుగున మరో రెండు లైన్లు ఉంటే బాగుంటుంది. ఒకటి కోరం గురించి: ఎంతమంది కావాలి, పదిన్నరకు కూడా అంతమంది రాకపోతే ఏం చేస్తారు. కొన్ని సంఘాల బైలాస్ అరగంట తర్వాత ఉన్నవాళ్లతోనే నడపమంటాయి, కొన్ని వేరే తేదీకి వాయిదా వేయమంటాయి. రెండోది, సమయం చాలకపోతే ఏ అంశం వాయిదా పడుతుందో. పై అజెండాలో అది వాచ్‌మన్ జీతం కాకూడదు, అతను నెలాఖరు కోసం ఎదురుచూస్తుంటాడు. సభ్యులు రాసి ఇచ్చిన అంశాలు కమిటీ మీటింగ్‌కు వెళ్తాయని ముందే రాసి ఉంటే, పదకొండు దాటాక లిఫ్ట్ మీద ఇంకో పది నిమిషాలు కావాలని ఎవరైనా అడిగినప్పుడు ప్రెసిడెంటు వాటిలోంచి ఇవ్వగలరు.