మిత్రుడి మొదటి కారుకు గాలి మీటరు

సెకండ్ హ్యాండ్ కారైనా సరే, ఇంటికి వచ్చిన రోజు పూజ తప్పదు. బానెట్ మీద పసుపు కుంకుమలు, టైర్ల కింద నిమ్మకాయలు, ముందు గుమ్మడికాయతో దిష్టి. ఆ సాయంత్రం స్నేహితులు తెచ్చే కానుకలు కూడా దాదాపు తెలిసినవే. డాష్‌బోర్డు మీదకి వినాయకుడు, సెంటు సీసా, మెడ దిండ్లు, సీటు కవర్లు. ఇచ్చేవాళ్ల అభిమానానికి లోటేమీ లేదు. అయితే వాటిలో ఒక్కటీ టైర్ల జోలికి పోదు. అప్పుడే లైసెన్సు చేతికొచ్చిన మనిషికి బొత్తిగా పరిచయం లేనివి ఆ టైర్లే.

డ్రైవింగ్ స్కూల్లో క్లచ్, గేరు, రివర్స్ నేర్పుతారు. ఆర్టీఓ ట్రాక్ మీద బండి ఎలా తిప్పాలో నేర్పుతారు. శిక్షణ కారులో గాలి సంగతి మాత్రం స్కూలు వాళ్లే చూసుకుంటారు. అంచేత ఏ టైరులో ఎంత గాలి ఉండాలి, ఎప్పుడు చూడాలి అన్న ప్రశ్న నేర్చుకునేవాళ్లకు ఎదురే కాదు. సొంత కారు కొన్నాక ఎదురవుతుంది. అదీ ఎవరో అయిదారేళ్లు నడిపి, ఎలా చూసుకున్నారో తెలియని కారుతో. అమ్మకానికి పెట్టే ముందు టైర్లకు నల్లగా పాలిష్ పట్టించడం మామూలే కాబట్టి, చూపులకు అన్నీ కొత్తవిలాగే ఉంటాయి.

అందుకే ఇలాంటి మిత్రుడికి ఇవ్వదగ్గ కానుక రెండు వస్తువుల జత. ఒకటి టైర్లో గాలి చూసే చిన్న మీటరు, రెండోది కారులోని 12 వోల్టుల సాకెట్‌కు తగిలించి గాలి కొట్టుకునే పంపు. మీటరు కొన్ని వందల్లో వస్తుంది. పంపు వెయ్యిన్నర నుంచి మూడు వేల రూపాయల లోపు దొరుకుతుంది. పంపుకే మీటరు ఉంటుంది కదా, ఇంకొకటి దేనికని అడగవచ్చు. చవక పంపుల మీద అంకె రెండు మూడు పీఎస్‌ఐ అటూ ఇటూగా చూపడం సాధారణం. విడి మీటరు చేతిలో ఉంటే ఆ తేడా పట్టుకోవచ్చు.

పంపు కొనేటప్పుడు రెండు విషయాలు చూడాలి. వైరు, గొట్టం కలిపి వెనక టైరు దాకా అందాలి. చాలా కార్లలో సాకెట్ ముందు గేరు దగ్గరే ఉంటుంది మరి. అనుకున్న అంకె రాగానే దానంతటదే ఆగే సదుపాయం కూడా ఉండాలి. వాడేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. మూసిన గ్యారేజీలో మాత్రం ఇంజిన్ నడపకూడదు. ఈ చిన్న పంపులు త్వరగా వేడెక్కుతాయి. పెట్టె మీద రాసినంతసేపు నడిపి, కాసేపు చల్లారనివ్వాలి.

పెట్రోలు బంకులో గాలి ఉచితంగా కొడుతుంటే ఈ ఖర్చెందుకని కొందరికి అనిపించవచ్చు. చిక్కల్లా వేడితో. టైరులో గాలి ఎంత ఉందో చల్లగా ఉన్నప్పుడే చూడాలి, అంటే బండి మూడు గంటలు కదలకుండా ఉన్నాక. బంకుకు వెళ్లేసరికి టైరు కాస్త వేడెక్కి, ఉన్నదానికన్నా మూడు నాలుగు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. వేడి మీద ఎక్కువ కనిపించిందని గాలి తీయించేసుకుంటే, తెల్లారి చల్లబడ్డాక అదే టైరు తక్కువలో ఉంటుంది. ఇంటి దగ్గర పొద్దున్నే చూసుకుంటే ఈ బాధ లేదు.

ఎంత కొట్టాలన్నది టైరు మీద వెతకకూడదు. అక్కడ రాసిన అంకె ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం. ఆ కారుకు కావలసింది సాధారణంగా డ్రైవర్ వైపు తలుపు తీస్తే స్తంభం మీద అంటించిన పట్టీలో ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 36 పీఎస్‌ఐ మధ్యలో ఉంటుంది. ముందు వెనకలకు, నిండా మనుషులు ఎక్కినప్పటికీ వేరు వేరు అంకెలు ఉండవచ్చు.

కానుకను పెట్టెతో చేతికిచ్చి వచ్చేస్తే అది డిక్కీలో అడుగున పడిపోతుంది. ఇచ్చిన స్నేహితుడు ఒక ఆదివారం పొద్దున ఓ గంట కూడా ఇస్తే దానికి విలువ. ఆ గంట ఎలా గడవవచ్చో ఒక ఉదాహరణలో చూద్దాం. 2017 మోడల్ చిన్న కారు, పట్టీ మీద నాలుగు టైర్లకూ 33 అని ఉందనుకుందాం. వాల్వు మూత తీసి మీటరు నిటారుగా నొక్కితే, ముందు ఎడమ టైరు 30, వెనక రెండూ 29, 30 చూపించాయి. ముందు కుడి టైరు 24 చూపించింది.

మూడు టైర్లు కాస్త తగ్గాయంటే కంగారు అక్కర్లేదు. ఏ రంధ్రమూ లేకపోయినా నెలకు ఒక పాయింటు వరకు గాలి దానంతటదే తగ్గుతుంది. నాలుగోది మిగతా వాటికన్నా ఐదారు పాయింట్లు కిందికి పోయిందంటే అక్కడేదో ఉంది. అన్నిటినీ 33కు తెచ్చి వదిలేశారు. మర్నాడు పొద్దున మళ్లీ చూస్తే మూడు టైర్లు 33లోనే ఉన్నాయి, ఆ ఒక్కటి 29కి దిగింది. సబ్బునీళ్లు పోసి, బండి కొంచెం ముందుకు జరిపి మళ్లీ పోసి చూస్తే, టైరు గాడిలో కూరుకుపోయిన చిన్న మేకు దగ్గర బుడగలు వచ్చాయి. సబ్బునీళ్లు వాల్వు దగ్గర కూడా పోసి చూడాలి, ఒక్కోసారి గాలి పోయేది అక్కడి నుంచే.

అప్పుడు చేయకూడని పని ఆ మేకు పీకడం. ట్యూబ్‌లెస్ టైరులో మేకే బిరడాలాగా గాలిని ఆపుతుంది. పీకితే ఉన్న గాలి నిమిషాల్లో పోతుంది. 33 దాకా కొట్టుకుని, నెమ్మదిగా పంక్చర్ షాపుకు తీసుకెళ్తే చాలు. ఈ పంపు అసలు పని అదే, నడిరోడ్డు మీద టైరు మార్చే అవసరాన్ని తప్పించడం. గాలి లేని టైరు మీదే కొంత దూరం నడిపి ఉంటే మాత్రం కథ వేరు. పక్క గోడలు నలిగి, టైరు విప్పినప్పుడు లోపల నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. ఆ టైరుకు పంక్చర్ వేయించినా నమ్మడానికి లేదు.

తక్కువ గాలికి ఇంత జాగ్రత్త ఎందుకంటే, గాలి తగ్గిన టైరు తిరిగిన ప్రతిసారీ పక్క గోడ ఎక్కువగా వంగి లేస్తుంది. ఆ వంపు వల్ల రబ్బరు లోపల వేడి పుడుతుంది. ఊళ్లో 40 వేగంలో అది పెద్దగా తెలియదు. మే నెల ఎండలో, 120 వరకు అనుమతి ఉన్న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆపకుండా వెళ్తుంటే వేడి పెరిగి పెరిగి టైరు పొరలు విడిపోవచ్చు. టైరు పేలిందని అందరూ అనే ప్రమాదాల్లో కొన్నింటి మూలం ఇదే.

అదే గంటలో టైరు వయసు కూడా చూసేయవచ్చు. పక్క గోడ మీద కోడి గుడ్డు ఆకారపు గీతలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 3122 అంటే 2022లో 31వ వారం. బయటి వైపు కనిపించకపోతే లోపలి వైపు వెతకాలి. మన ఉదాహరణలో ముందు టైర్లు 3122, వెనక టైర్లు, స్టెప్నీ 0917 అనుకుందాం. అంటే ఆ మూడూ కారుతో పాటు వచ్చినవి. మిషలిన్ కంపెనీ అయిదేళ్లు దాటిన టైర్లను ఏడాదికోసారి నిపుణులకు చూపించమనీ, పదేళ్లు నిండితే అరగకపోయినా, స్టెప్నీ అయినా మార్చేయమనీ చెబుతుంది. ఆరేళ్లకే మార్చమనే కార్ల కంపెనీలూ ఉన్నాయి. గాడుల అడుగున అక్కడక్కడ చిన్న దిమ్మెలు కనిపిస్తాయి, అవి 1.6 మిల్లీమీటర్ల ఎత్తువి. టైరు అరిగి వాటితో సమానమైతే ఆ టైరు పని అయిపోయినట్టే.

స్టెప్నీ తీసి చూస్తే తరచూ ఇంకో సంగతి బయటపడుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని దాంట్లో గాలి సగమే ఉంటుంది. పక్కనుండాల్సిన జాకీయో, జాకీ తిప్పే రాడ్డో, వీల్ స్పానరో చేతులు మారేటప్పుడు మాయమై ఉంటుంది. ఏది లేదో చూసుకుని కొనిపెట్టడం కూడా మంచి కానుకే. కంపెనీ ఇచ్చే స్పానరు ఉన్నా అది పొట్టిది. షాపుల్లో గాలి గన్నుతో బిగించిన నట్లు దానికి లొంగవు. పిడి సాగే పొడవాటి స్పానరుతో అదే నట్టు తేలిగ్గా వదులుతుంది. మారుతి కార్లకు ఎక్కువగా 19, హ్యుందాయ్ కార్లకు 21 సైజు సరిపోతుంది. అయినా కొనే ముందు ఆ కారు నట్టుకు పెట్టి చూడటం మేలు.

ఇంటి ముందు చదునైన చోట ఒకసారి టైరు మార్చి చూపిస్తే చాలు. హ్యాండ్ బ్రేక్ వేసి, ఎదురు మూలన ఉన్న చక్రానికి రాయి అడ్డం పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేయాలి. బండి లేచాక వదులు చేయబోతే చక్రం తిరుగుతుంది, జాకీ మీద బండి ఊగుతుంది. జాకీని కారు అడుగంచున గుర్తు ఉన్న చోటే పెట్టాలి. తిరిగి బిగించేటప్పుడు ఒక నట్టు తర్వాత దాని ఎదురు నట్టు. బండి దించాక గట్టిగా బిగించి, కొద్ది కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడాలి. స్టెప్నీ మిగతా చక్రాలకన్నా చిన్నదైతే దాని మీద 80 వేగం అని రాసి ఉంటుంది. అది పంక్చర్ షాపు దాకా వెళ్లడానికే.

మనసు లాగినా మానేయాల్సిన కానుకలు కొన్ని ఉన్నాయి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న పట్టీ కనిపిస్తే, దాన్ని మూసేసే కవర్లు వేయకూడదు. బ్యాగు సమయానికి బయటికి రాలేదు. డాష్‌బోర్డు మీద ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ మూత ఉంటుంది. దాని మీద అంటించిన విగ్రహం ప్రమాదంలో ముఖానికేసి దూసుకొస్తుంది. ఉన్న మ్యాట్ మీద పరిచే ఇంకో మ్యాట్ జారి పెడల్ కిందికి పోతుంది, కాళ్ల అంచనా ఇంకా కుదరని డ్రైవరుకు అది మరీ ప్రమాదం. అద్దాలకు నల్ల ఫిల్మ్ అంటించడాన్ని సుప్రీంకోర్టు 2012లోనే నిషేధించింది.

నలుగురైదుగురు స్నేహితులు కలిసి పెద్ద కానుకే ఇవ్వాలనుకుంటే, పైన చెప్పిన కారుకు రెండు కొత్త టైర్లు కొనవచ్చు. షాపులో ఒక మాట చెప్పి చేయించుకోవాలి. కొత్త జత ముందుకు కాదు, వెనకకు వేయాలి. ఇంజిన్ ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి కొత్తవి ముందుకే వేద్దామని షాపువాళ్లు అంటారు. కానీ తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి మలుపు తిరగక సూటిగా పోతుంది, వేగం తగ్గిస్తే పట్టు దొరుకుతుంది. వెనక చక్రాలు జారితే బండి గిర్రున తిరుగుతుంది, దాన్ని సరిదిద్దడం అనుభవం ఉన్న డ్రైవర్లకే కష్టం. బిల్లు కట్టే ముందు ఆ టైర్ల మీద నాలుగంకెలు కూడా చదువుకుని, ఏడాదికన్నా పాతవైతే వేరేవి తెప్పించమని అడగాలి.