విదేశీ బ్యాంకు ఖాతా: పన్ను నివాస పత్రంలో ఏం రాయాలి?

విదేశంలో బ్యాంకు ఖాతా తెరిచేటప్పుడు పాస్‌పోర్టు, చిరునామా రుజువులతో పాటు పన్ను నివాస స్వీయ ధ్రువీకరణ పత్రం కూడా నింపి ఇవ్వాలి. అందులో అసలు ప్రశ్నలు రెండే. ఖాతాదారు పన్ను చట్టం ప్రకారం ఏ దేశానికి నివాసి? ఆ దేశంలో అతని పన్ను గుర్తింపు సంఖ్య ఎంత? చూడటానికి చిన్న పత్రమే అయినా చాలామంది పాస్‌పోర్టు ఏ దేశానిదైతే ఆ దేశం పేరు రాసేసి సంతకం పెడతారు. పత్రం అడిగేది పౌరసత్వం గురించి కాదు.

ఓఈసీడీ 2014లో ఆమోదించిన ఉమ్మడి సమాచార మార్పిడి ప్రమాణం వల్ల ఈ పత్రం వచ్చింది. దాన్ని సీఆర్‌ఎస్ అంటారు. వందకు పైగా దేశాలు, ప్రాంతాలు దీన్ని పాటిస్తున్నాయి. భారత్, జర్మనీ 2017 నుంచే వివరాలు పంచుకుంటున్నాయి. ఖాతాదారు వేరే దేశపు పన్ను నివాసి అని తేలితే అతని పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పన్ను సంఖ్య, ఖాతా సంఖ్య, సంవత్సరాంతపు నిల్వ, వచ్చిన వడ్డీ వంటి వివరాలను బ్యాంకు తన ప్రభుత్వానికి ఏటా అందజేస్తుంది. ఆ ప్రభుత్వం వాటిని ఖాతాదారు దేశానికి పంపుతుంది. కవరు మీద చిరునామా ఉత్తరం ఎక్కడికి చేరాలో చెబుతుంది తప్ప లోపలి సంగతి మార్చదు. ఈ పత్రమూ అంతే. ఎవరికి ఎంత పన్ను కట్టాలో ఇది తేల్చదు, వివరాలు ఎక్కడికి వెళ్లాలో మాత్రమే చెబుతుంది.

నివాసాన్ని తేల్చేది ఆయా దేశాల చట్టమే

పన్ను నివాసానికి అన్ని దేశాలకూ కలిపి ఒకే నిర్వచనం లేదు. ప్రతి దేశం తన చట్టంతో తేల్చుకుంటుంది. జర్మనీలో వాడుకోవడానికి సొంతంగానో అద్దెకో ఇల్లు ఉంటే చాలు, ఆ రోజు నుంచే అక్కడ పన్ను నివాసి అయినట్టు లెక్క. ఇల్లు లేకపోయినా ఆరు నెలలకు మించి అక్కడే ఉంటే నివాసే. భారత్‌లో మాత్రం ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు దేశంలో గడిపిన రోజులు లెక్కిస్తారు. ఆ ఏడాది 182 రోజులు గానీ అంతకు మించి గానీ ఉంటే నివాసి. 60 రోజులే ఉన్నా, అంతకు ముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు దేశంలో ఉండి ఉంటే అప్పుడూ నివాసే. అయితే ఉద్యోగం కోసం విదేశం వెళ్లే భారత పౌరుడికి వెళ్లిన ఏడాది ఈ 60 రోజుల నిబంధన వర్తించదు, 182 రోజుల లెక్క ఒక్కటే చూస్తారు.

ఈ సూత్రాలను ఒక ఉదాహరణకు అన్వయించి చూడవచ్చు. హైదరాబాద్‌లో పనిచేస్తున్న ఒక ఇంజినీరుకు మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది, ఆగస్టు 20న బయల్దేరాడు. ఏప్రిల్ 30, మే 31, జూన్ 30, జూలై 31, ఆగస్టులో 20. బయల్దేరిన రోజుతో కలిపి మొత్తం 142 రోజులు. 182కు తక్కువ కాబట్టి ఆ ఆర్థిక సంవత్సరానికి భారత్‌లో పన్ను నివాసి కాడు. మ్యూనిక్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు కాబట్టి జర్మనీలో నివాసి. బ్యాంకు పత్రంలో అతను రాయాల్సిన దేశం జర్మనీ ఒక్కటే. భారత పాస్‌పోర్టు, హైదరాబాద్‌లోని సొంత ఫ్లాటు ఈ జవాబును మార్చవు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏడాది ఇంకా పూర్తి కాలేదు. మార్చి 31 లోగా సెలవుపై ఇంటికి వచ్చి 40 రోజులు గడిపితే లెక్క సరిగ్గా 182కు చేరుతుంది. అప్పుడు ఆ ఏడాదికి భారత్‌లోనూ నివాసి అయిపోతాడు, బ్యాంకుకు ఇచ్చిన పత్రం సరిదిద్దుకోవాల్సి వస్తుంది.

ఇదే ఇంజినీరు నవంబరు 15న బయల్దేరి ఉంటే భారత్‌లో 229 రోజులు గడిపినట్టు అవుతుంది. ఆ ఏడాదికి రెండు దేశాల్లోనూ నివాసే. అలాంటప్పుడు పత్రంలో రెండు దేశాలనూ వేర్వేరు వరుసల్లో వాటి పన్ను సంఖ్యలతో రాయాలి. రెండు దేశాల మధ్య ఒప్పందంలోని నిబంధనలను బట్టి ఒకే దేశాన్ని ఎంచుకుని రాసే వెసులుబాటు మొదట ఉండేది. 2023లో సవరించిన ప్రమాణం నివాసి అయిన అన్ని దేశాలూ రాయాలంటోంది. రెండు పేర్లు రాస్తే రెండుసార్లు పన్ను పడుతుందన్న భయం అక్కర్లేదు. ఆ చిక్కును రిటర్ను దాఖలు చేసేటప్పుడు ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం కింద తేల్చుకుంటారు.

విద్యార్థి లెక్క వేరు

జర్మనీకి చదువుకు వెళ్లే విద్యార్థి వీసా కోసం అక్కడి బ్యాంకులో ఏడాది ఖర్చుకు సరిపడా సొమ్మును ముందే జమ చేసి చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది ఏడాదికి 11,904 యూరోలు. నెలనెలా కొంత మాత్రమే తీసుకోవడానికి వీలుండే ఈ ఖాతాను ష్పెర్‌కాంటో అంటారు. దీన్ని సాధారణంగా విజయవాడలోనో వరంగల్‌లోనో ఇంటి దగ్గర ఉండగానే తెరుస్తారు. ఆ రోజుకి విద్యార్థి భారత్‌లోనే నివాసి కాబట్టి పత్రంలో భారత్ పేరు, పాన్ సంఖ్య రాస్తే సరిపోతుంది.

అతను సెప్టెంబరు 20న విమానం ఎక్కితే భారత్‌లో 173 రోజులు ఉన్నట్టు. ఇది 182కు తక్కువే. కానీ 60 రోజుల నిబంధన నుంచి సడలింపు ఉద్యోగానికి వెళ్లేవారికి ఇచ్చారు, చట్టంలో చదువు మాట లేదు. గడిచిన నాలుగేళ్లూ ఇక్కడే ఉన్నాడు కాబట్టి ఆ ఏడాది భారత నివాసిగానే మిగులుతాడు. జర్మనీలో గది అద్దెకు తీసుకున్నాక అక్కడా నివాసి అవుతాడు. అప్పుడు బ్యాంకుకు కొత్త పత్రం ఇచ్చి జర్మనీని చేర్చాలి.

పన్ను సంఖ్య గడి

భారత్ పేరు రాసినప్పుడు `TIN` అన్న గడిలో పాన్ సంఖ్య వేయాలి. ఆధార్ సంఖ్య వేస్తే కుదరదు. పాన్‌లో పది అక్షరాలుంటాయి. మొదట ఐదు ఆంగ్ల అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. వ్యక్తుల పాన్‌లో నాలుగో అక్షరం ఎప్పుడూ `P`, ఐదోది ఇంటిపేరు మొదటి అక్షరం. నమూనాకు `ABCPK1234L` అనుకుంటే, ఆరు నుంచి తొమ్మిదో స్థానం వరకు అంకెలే ఉండాలి. ఆ నాలుగింటిలో సున్నాకు బదులు `O` అక్షరం పడితే సంఖ్య తప్పినట్టే.

జర్మనీ పన్ను సంఖ్య స్టోయర్-ఐడి, 11 అంకెలు. కొత్తగా వెళ్లినవాళ్లు ఇంట్లో దిగిన రెండు వారాల్లో స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ తర్వాతే కేంద్ర పన్ను కార్యాలయం ఆ సంఖ్యను పోస్టులో పంపుతుంది. జీతం పడటానికి ఖాతా వెంటనే కావాలి, సంఖ్య మాత్రం ఇంకా చేతికి అందదు. ఈ ఇబ్బంది కోసమే పత్రంలో సంఖ్య లేకపోవడానికి మూడు కారణాలు ఇస్తారు. ఏ: ఆ దేశం అసలు పన్ను సంఖ్యలే ఇవ్వదు. బి: ఖాతాదారు ఇప్పటికి సంఖ్య పొందలేకపోయాడు. సి: ఆ దేశపు చట్టం సంఖ్య సేకరించమని అడగదు. కొత్తగా వచ్చినవారికి సరిపోయేది బి. దాని పక్కన కారణం కూడా రాయాలి. `Steuer-ID applied for, letter awaited` అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఉత్తరం రాగానే సంఖ్య అందించాలి. భారత్‌కు ఏ కారణం ఎప్పుడూ పొసగదు, ఎందుకంటే భారత్ పాన్ ఇస్తుంది. పాన్ లేని విద్యార్థి ఖాతా తెరిచే ముందే దరఖాస్తు చేసుకోవడం మేలు.

బ్యాంకు ఎక్కడ ఆపుతుంది

సంతకం ఉన్నంత మాత్రాన బ్యాంకు పత్రాన్ని తీసుకోదు. తన దగ్గరున్న మిగతా కాగితాలతో పోల్చి చూస్తుంది. నివాసం జర్మనీ ఒక్కటే అని రాసి, చిరునామా రుజువుగా హైదరాబాద్ చిరునామా ఇస్తే రెండూ పొంతన కుదరవు. అప్పుడు బ్యాంకు వివరణ అడుగుతుంది. జర్మనీలో చేయించుకున్న చిరునామా నమోదు పత్రం ఇస్తే ఆ సందేహం తీరుతుంది.

తెలుగువారికి పేరు దగ్గరా ఇబ్బంది వస్తుంటుంది. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం మామూలే. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. బ్యాంకు సరిచూసేది పాస్‌పోర్టుతో కాబట్టి పత్రంలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి. వీలైతే ముందే పాన్‌లోని పేరును పాస్‌పోర్టుకు తగ్గట్టు సరిచేయించుకుంటే, వివరాలు భారత్ చేరినప్పుడు తికమక ఉండదు.

పత్రంలో అమెరికా గురించి విడిగా ఒక ప్రశ్న ఉంటుంది. అమెరికా సీఆర్‌ఎస్‌లో లేదు, 2010లో చేసిన ఫాట్కా చట్టాన్ని అమలు చేస్తుంది. అక్కడ పౌరసత్వమే లెక్కలోకి వస్తుంది. అమెరికాలో పుట్టి, తల్లిదండ్రులతో తిరిగొచ్చి గుంటూరులో పెరిగిన యువకుడు సాధారణంగా అమెరికా పౌరుడే. ఆ దేశంలో ఏనాడూ సంపాదించకపోయినా ఈ ప్రశ్నకు అవునని జవాబివ్వాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికీ ఇంతే. పుట్టిన ఊరు అమెరికాలో ఉందని పాస్‌పోర్టులో కనిపించి, ఇక్కడ కాదని రాసి ఉంటే బ్యాంకు తప్పకుండా ఆరా తీస్తుంది.

తప్పు రాస్తే తెలిసేది ఏడాది తర్వాత

జర్మనీ బ్యాంకులు ముగిసిన సంవత్సరపు వివరాలను మరుసటి ఏడాది జూలై 31 లోగా కేంద్ర పన్ను కార్యాలయానికి ఇవ్వాలి. సెప్టెంబరు చివరికల్లా అవి ఇతర దేశాలకు చేరతాయి. అందుకే పొరపాటు చేసినవారికి ఆ సంగతి వెంటనే తెలియదు. మ్యూనిక్ ఇంజినీరు భారత్ అని రాసి ఉంటే అతని ఖాతా నిల్వ పాన్‌తో సహా ఇక్కడి ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది. రిటర్నులో ఆ ఖాతా ఎందుకు చూపలేదన్న ప్రశ్న వస్తుంది. తాను ఆ ఏడాది నివాసి కాదని, తనకు ఆ బాధ్యత లేదని రోజుల లెక్కతో నిరూపించుకోవాలి. 2024 నవంబరులో సీబీడీటీ ఇలా అందిన సమాచారం ఆధారంగా, విదేశీ ఆస్తులు చూపని పన్ను చెల్లింపుదారులకు సందేశాలు పంపింది.

విద్యార్థి విషయంలో బాధ్యత నిజంగానే ఉంది. భారత్‌లో సాధారణ నివాసి విదేశీ ఖాతా కలిగి ఉంటే, ఆదాయం పన్ను పరిమితిలోపు ఉన్నా రిటర్ను దాఖలు చేసి, షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ ఖాతా చూపాలి. ఐటీఆర్-1లో ఆ షెడ్యూల్ ఉండదు కాబట్టి ఐటీఆర్-2 ఎంచుకోవాలి. షెడ్యూల్‌లో లెక్కించేది ఆర్థిక సంవత్సరం కాదు, డిసెంబరు 31తో ముగిసే క్యాలెండరు సంవత్సరం. 2015 నాటి నల్లధన చట్టం కింద చూపనందుకు 10 లక్షల రూపాయల జరిమానా ఉంది. స్థిరాస్తి కాకుండా మిగిలిన విదేశీ ఆస్తుల మొత్తం విలువ 20 లక్షలకు మించకపోతే ఆ జరిమానా వేయరాదని 2024 అక్టోబరు 1 నుంచి సడలించారు. ఖాతా చూపాల్సిన బాధ్యత మాత్రం అలాగే ఉంది.

పత్రం చివర ఒక హామీ ఉంటుంది. పరిస్థితులు మారితే బ్యాంకుకు తెలియజేస్తానని, చాలా పత్రాల్లో 30 రోజుల్లోగా అని, ఖాతాదారు సంతకం చేస్తాడు. దేశం మారినా, ఆగిపోయిన పన్ను సంఖ్య వచ్చినా, ఉద్యోగం ముగించుకుని ఖాతా మూయకుండానే హైదరాబాద్ తిరిగొచ్చినా కొత్త పత్రం ఇవ్వాలి. సంతకం చేసిన పత్రం ప్రతిని, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలున్న పేజీల నకళ్లను ఒకచోట దాచుకుంటే తర్వాత ఎవరు అడిగినా రోజుల లెక్క చూపడం తేలిక.