ఫొటోలు గుంపుగా, జవాబు గడువులోగా

శిక్షణ పూర్తయిన ఇమేజ్ మోడల్ చివరికి ఒక ఫైలు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2015లో ప్రకటించిన రెస్‌నెట్-50నే తీసుకుంటే, అది దాదాపు 100 మెగాబైట్లు ఉంటుంది. 224 × 224 పిక్సెళ్ల ఫొటో ఇస్తే అందులో ఏముందో చెబుతుంది. ఆ ఫైలును జీపీయూ ఉన్న సర్వర్‌లో పెట్టి, వెబ్ ఏపీఐ ద్వారా ఎవరు ఫొటో పంపినా వెంటనే జవాబు వెళ్లేలా చేయడం మరో పని. ఇక్కడ రెండు అవసరాలు ఎదురెదురుగా నిలుస్తాయి. ఖరీదైన జీపీయూ నిండుగా పనిచేయాలి. ఫొటో పంపినవారు ఎక్కువసేపు ఆగకూడదు.

జీపీయూలో చిన్న లెక్కల యూనిట్లు వేల సంఖ్యలో ఉంటాయి. ఎన్విడియా టీ4 కార్డులో 2,560. రెస్‌నెట్-50లో ఫొటో ఒక్కో దశ దాటేకొద్దీ కుదించుకుపోయి, చివరి పొరల్లో 7 × 7 గడులు, అంటే 49 స్థానాలు మిగులుతాయి. ఒక్కో గడిలో ఎన్నో లెక్కలున్నా కార్డు మొత్తానికీ పని చాలదు. అదీగాక ప్రతి పొరనూ మొదలుపెట్టడానికి, దాని బరువులను మెమరీ నుంచి చదవడానికి పట్టే కాలం ఒక ఫొటోకైనా పదహారింటికైనా దాదాపు ఒకటే. అందుకే వచ్చిన ఫొటోలను కొన్నికొన్నిగా కలిపి ఒకేసారి మోడల్‌కు ఇస్తారు. ఆ గుంపే బ్యాచ్.

ఒక సర్వర్‌లో కొలిచినప్పుడు ప్రతి బ్యాచ్‌కు 4 మిల్లీసెకన్ల స్థిర ఖర్చు, ఆపైన ఒక్కో ఫొటోకు అర మిల్లీసెకను తేలిందనుకుందాం. ఫొటోలు ఒక్కొక్కటిగా ఇస్తే ఒక్కోదానికి 4.5 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు 222 దాటవు. పదహారేసి ఇస్తే బ్యాచ్‌కు 12 మిల్లీసెకన్లు, సెకనుకు 1,333 ఫొటోలు. ముప్ఫై రెండేసి ఇస్తే బ్యాచ్‌కు 20 మిల్లీసెకన్లు, సెకనుకు 1,600. మొదట ఆరు రెట్లు పెరిగిన సామర్థ్యం, బ్యాచ్‌ను మళ్లీ రెట్టింపు చేసినా ఐదో వంతే పెరిగింది. పెద్ద బ్యాచ్ ఎప్పుడూ మేలనే నమ్మకం ఇక్కడే వీగిపోతుంది.

ఎక్కడ ఆగాలో గడువు చెబుతుంది. గడువును సగటుతో కాకుండా, నూటికి తొంభై తొమ్మిది రిక్వెస్టులు ఎంతలోపు పూర్తవ్వాలి అన్న లెక్కతో పెడతారు. సగటు బాగున్నా కొందరికి జవాబు ఘోరంగా ఆలస్యం కావచ్చు. సర్వర్ల వేగాన్ని పోల్చే ఎమ్ఎల్‌పెర్ఫ్ పరీక్షలో రెస్‌నెట్-50కి ఈ హద్దును 15 మిల్లీసెకన్లుగా పెట్టారు. మన ఉదాహరణలో హద్దు 50 అనుకుందాం. అందులో ఫొటోను విప్పి, సైజు తగ్గించి సిద్ధం చేయడానికి 8 పోతుంది. మిగిలింది 42.

ఈ 42లో ఏం పడుతుందో చూడాలంటే, అప్పుడే ఒక బ్యాచ్ బయల్దేరిన మరుక్షణం వచ్చిన ఫొటో సంగతి చూడాలి. ముందు బ్యాచ్ పూర్తయ్యేదాకా అది ఆగాలి. ఆ తర్వాత తన బ్యాచ్ నడవాలి. బ్యాచ్ సైజు 32 అయితే ఈ రెండింటికే 40 మిల్లీసెకన్లు ఖర్చయి, చేతిలో 2 మిగులుతాయి. 16 అయితే ఖర్చు 24. వరుసలో మరో బ్యాచ్ ముందున్నా 36తో సరిపోతుంది. కాబట్టి ఈ సర్వర్‌కు 16 సరైన సంఖ్య.

బ్యాచ్ నిండేదాకా కొంచెం ఆగాలా అన్నది తర్వాతి ప్రశ్న. షేర్ ఆటో సీట్లు నిండేదాకా కదలనట్టు, తొలి ఫొటో వచ్చాక సర్వర్ కూడా కొన్ని మిల్లీసెకన్లు ఎదురుచూడవచ్చు. చాలామంది మొదట ఈ సెట్టింగ్‌నే పెంచుతారు. నిజానికి దీని అవసరం చాలాసార్లు రాదు. సెకనుకు 200 ఫొటోలు వచ్చే వేళ 5 మిల్లీసెకన్లు ఆగితే అదనంగా దొరికేది సగటున ఒక్క ఫొటో. జీపీయూ ఎలాగూ తీరిగ్గానే ఉంది కాబట్టి ఆ ఆలస్యం వృథా. సెకనుకు 800 వస్తుంటే, ఒక బ్యాచ్ నడిచేలోపే తర్వాతి దానికి సగటున ఐదారు ఫొటోలు వాటంతటవే చేరతాయి. పని పెరిగితే బ్యాచ్ తనంతట తానే పెరుగుతుంది. నిరీక్షణ సున్నాతో మొదలుపెట్టి, కొలతలు అడిగితేనే పెంచడం మంచి పద్ధతి.

అసలు ప్రమాదం సెకనుకు 1,400 వచ్చినప్పుడు. సామర్థ్యం 1,333 మాత్రమే గనుక వరుస సెకనుకు 67 చొప్పున పెరుగుతుంది. పది సెకన్లు గడిచేసరికి 670 ఫొటోలు ఆగి ఉంటాయి. కొత్తగా వచ్చినదానికి నిరీక్షణే అర సెకను. సర్వర్ తీరిక లేకుండా పనిచేస్తూనే ఉంటుంది, కానీ ఒక్క జవాబూ గడువులోగా చేరదు. దీనికి మందు, పట్టనివాటిని వచ్చిన వెంటనే తిప్పి పంపడం. ముందు లెక్క ప్రకారం వరుసలో 32 దాకా చోటుంది. 30 మిల్లీసెకన్లు వరుసలోనే గడిచిన ఫొటో ఇక 50లోగా పూర్తికాదు గనుక దాన్నీ వదిలేయాలి. ఎన్విడియా వారి ట్రైటన్ సర్వర్‌లో `config.pbtxt` ఫైలులో ఈ నిర్ణయాలన్నీ ఇలా రాస్తారు:

```
max_batch_size: 16
dynamic_batching {
  max_queue_delay_microseconds: 0
  default_queue_policy {
    timeout_action: REJECT
    default_timeout_microseconds: 30000
    max_queue_size: 32
  }
}
```

తిరస్కరించిన రిక్వెస్టుకు 503 జవాబు వెళ్తుంది. పంపిన యాప్ కాసేపాగి మళ్లీ ప్రయత్నించాలి. వెంటవెంటనే పంపితే రద్దీ ఇంకా ముదురుతుంది.

జవాబులు ఆలస్యమవుతున్నా జీపీయూ మాత్రం ఖాళీగా కనిపించే సందర్భాలూ ఉంటాయి. అప్పుడు తప్పు తరచుగా ఫొటోను సిద్ధం చేసేచోట ఉంటుంది. పైన వేసిన 8 మిల్లీసెకన్ల లెక్క చిన్న ఫొటోలకు సరిపోతుంది. ఫోన్ కెమెరా తీసిన 4032 × 3024 జేపెగ్‌ను పూర్తిగా విప్పడానికి సీపీయూకు మోడల్ కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. జేపెగ్ నిర్మాణమే ఇక్కడ ఆదుకుంటుంది. దాన్ని ఎనిమిదో వంతు సైజులో నేరుగా విప్పవచ్చు. అప్పుడు 504 × 378 ఫొటో వస్తుంది. 224 పిక్సెళ్లకు అది ధారాళంగా చాలు. పైథాన్‌లోని పిల్లో లైబ్రరీలో `img.draft("RGB", (256, 256))` అనే ఒక్క వరుసతో ఇది అయిపోతుంది.

జబ్బు ఎక్కడుందో ట్రైటన్ కొలతలు చూపిస్తాయి. ఒక్కో రిక్వెస్టుకు సగటున `nv_inference_queue_duration_us` పెరుగుతుంటే ఫొటోలు వరుసలో నలుగుతున్నట్టు. `nv_inference_count`ను `nv_inference_exec_count`తో భాగిస్తే సగటు బ్యాచ్ సైజు వస్తుంది. రద్దీ వేళల్లోనూ అది ఒకటి దగ్గరే ఉంటే బ్యాచింగ్ జరగడం లేదు, లేదా ఫొటోలు మోడల్ దాకా రాకముందే ఎక్కడో ఆగిపోతున్నాయి.

ఈ కొలతలు నిజం చెప్పాలంటే పరీక్ష కూడా నిజంలా ఉండాలి. ఒక జవాబు వచ్చాకే మరో ఫొటో పంపే పరీక్షలో సర్వర్ నెమ్మదిస్తే పంపడమూ నెమ్మదిస్తుంది. వరుస పెరగనే పెరగదు. బయటి జనం అలా ఆగరు. అందువల్ల జవాబులతో నిమిత్తం లేకుండా, సెకనుకు ఇన్ని అని యాదృచ్ఛిక వ్యవధుల్లో ఫొటోలు పంపి చూడాలి. మన సర్వర్‌కు సెకనుకు 1,400 పంపినప్పుడు నూటికి ఐదారింటికి 503 వచ్చి, మిగతావన్నీ 50 మిల్లీసెకన్లలోపు తిరిగొస్తే వరుస హద్దు సరిగ్గా పనిచేస్తున్నట్టు. ఒక్క 503 కూడా రాకుండా ఆలస్యం నిమిషనిమిషానికీ పెరుగుతుంటే, పరిమితి లేని మరో వరుస మోడల్‌కు ముందున్న వెబ్ సర్వర్‌లో దాగి ఉంది.