మొదటి జీతం, మొదటి అప్పు, రెండు పుస్తకాలు

మన సొసైటీ సాయంతో చదివిన పిల్లల్లో చాలామందికి స్కాలర్‌షిప్ ఒక్కటే సరిపోదు. మిగతా ఫీజుకు బ్యాంకులో విద్యారుణం తీసుకుంటారు. వడ్డీ తప్పక ఒప్పుకున్న అప్పు కనుక, త్వరగా దాని నుంచి బయటపడాలన్న ఆరాటం మన ఇళ్లలో ఇంకా ఎక్కువ. ఉద్యోగం రాగానే, "సర్, డబ్బు గురించి ఏ పుస్తకం చదవాలి?" అని అడుగుతారు. నేను రెండు పుస్తకాలు చెబుతాను. ఏది ఎంతవరకు పనికొస్తుందో కూడా చెబుతాను.

మొదటిది జార్జ్ క్లాసన్ రాసిన 'ది రిచెస్ట్ మ్యాన్ ఇన్ బాబిలోన్'. 1926 నాటి ఈ చిన్న పుస్తకం అంతా కథలే. అందులో అప్పుల్లో మునిగిన దబాసిర్ అనే వ్యాపారి ఆదాయాన్ని పది భాగాలు చేస్తాడు. ఒకటి దాచుకుంటాడు, రెండు అప్పులవాళ్లకు ఇస్తాడు, ఏడింటితో ఇల్లు నడుపుతాడు. జీతమంతా ఖర్చుపెట్టి మిగిలితే దాచుదామనుకునే కుర్రవాడికి ఈ కథ చాలు.

కానీ ఒక చిక్కుంది. ఒక అమ్మాయికి నెలకు 30,000 జీతం చేతికొస్తోందనుకుందాం. చదువుకాలపు వడ్డీ కలిసి బాకీ 4,80,000. వడ్డీ 10 శాతం, గడువు ఏడేళ్లు. నెల వాయిదా సుమారు 7,969 రూపాయలు. దబాసిర్ లెక్కన అప్పుకు పోవలసింది 6,000 మాత్రమే. బాబిలోన్‌లో అప్పిచ్చినవాళ్లు ఉన్నంతలో తీసుకుని ఓపిక పట్టారు. బ్యాంకు పట్టదు. వాయిదా తప్పితే సిబిల్ స్కోరు పడిపోతుంది, సహ రుణగ్రహీతగా సంతకం చేసిన తండ్రిదీ పడిపోతుంది. కాబట్టి ఇక్కడ ముందు వాయిదా, తర్వాత పదోవంతు 3,000, మిగిలిన 19,000 ఇంటికి అని లెక్క మార్చుకోవాలి.

ఈ విభజన ఎలా అమలు చేయాలో రెండో పుస్తకం చెబుతుంది. మోనికా హాలన్ రాసిన 'లెట్స్ టాక్ మనీ' 2018లో వచ్చింది. మన దేశపు జీతగాళ్ల కోసమే రాసింది. ఆమె మూడు ఖాతాలు పెట్టుకోమంటారు. జీతం ఒకదానిలో పడుతుంది, ఖర్చుల డబ్బు రెండోదానికి, దాచేది మూడోదానికి వెళ్లిపోతుంది. తర్వాత అత్యవసర నిధి, ఆరోగ్య బీమా అధ్యాయాలు. మొదట ఇంతవరకు చదివితే చాలు. పెట్టుబడుల అధ్యాయాల్లో వడ్డీ పథకాలూ ఉంటాయి, అవి ఉలమాను అడిగాక చూసుకోవచ్చు. పన్ను నిబంధనలు మాత్రం ఆ తర్వాత మారాయి. విద్యారుణ వడ్డీకి మినహాయింపు ఇప్పుడు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే. మనం చెప్పుకున్న జీతానికైతే అసలు పన్నే పడదు.

అత్యవసర నిధి ఆరు నెలల ఖర్చుకు సరిపడా ఉండాలంటారు. నెలకు 3,000 చొప్పున అది నాలుగేళ్లు దాటుతుంది, అంతకాలమూ అప్పు మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అందుకే నేను మధ్యేమార్గం చెబుతాను. మొదటి ఎనిమిది నెలలు దాచితే 24,000 అవుతుంది, అంటే మూడు వాయిదాల డబ్బు. ఉద్యోగం పోయినా మూడు నెలలు పరువు నిలుస్తుంది. తొమ్మిదో నెల నుంచి ఆ 3,000 కూడా అప్పుకే కడితే, ఏడేళ్ల అప్పు ఐదేళ్లలోపే తీరుతుంది. వడ్డీలో 56 వేల పైన మిగులుతుంది.

ఇక్కడే చాలామంది మోసపోతారు. అదనంగా కట్టినదాన్ని బ్యాంకు వచ్చే నెల వాయిదాకు ముందస్తుగా జమ చేసుకుంటే లాభం ఉండదు. "అసలుకు జమ చేయండి, వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించండి" అని రాతపూర్వకంగా ఇవ్వాలి. జరిగిందో లేదో స్టేట్‌మెంట్ చూస్తే తెలుస్తుంది. కట్టిన ప్రతి 3,000కూ తర్వాతి నెల వడ్డీ మామూలుగా తగ్గేదానికన్నా మరో 25 రూపాయలు తగ్గాలి.

అందరూ మొదట కొనే 'రిచ్ డాడ్ పూర్ డాడ్' గురించి కూడా ఒక మాట. ఆస్తికీ భారానికీ తేడా చెప్పే అధ్యాయం మంచిదే. కానీ అప్పు చేసి స్థలాలు, ఇళ్లు కొనాలన్న ఉత్సాహం రేపుతుంది. మొదటి అప్పే తీరని పిల్లలకు, అందునా వడ్డీకి దూరంగా ఉండాలనుకునే మనకు, అది ఆ వయసులో తగదు.

దాతలకు ఒక మనవి. ఈ ఏడాది ఉద్యోగాల్లో చేరే మన విద్యార్థులకు ఈ రెండు పుస్తకాలూ ఇప్పించండి. చేతనైనవారు, ఒక పిల్లకో పిల్లాడికో 50,000 ఖర్జె హసనాగా ఇచ్చి అసలుకు కట్టించండి. అలా కట్టిన ఏడాదే ఆ ఇంటిపై సుమారు 5,000 వడ్డీ తగ్గుతుంది. మీ అసలు మీకు తిరిగొస్తుంది, అది మరుసటి ఏడాది మరో ఇంటికి వెళుతుంది.