స్క్వేర్ వేవ్ మూలలో దాక్కున్న 18 శాతం

ఇవాళ్టి ఎపిసోడ్‌కి ముందు ఒక చిన్న పని చేయండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ ఏదైనా ఒకటి వేసుకోండి, ఉచితంగా బోలెడు ఉన్నాయి. అందులో సైన్ వేవ్ పెట్టి ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్‌కి తేండి. ఇయర్‌ఫోన్స్ వద్దు, ఫోన్ స్పీకర్‌లోనే వినండి. చాలా ఫోన్లలో దాదాపు ఏమీ వినపడదు, ఎందుకంటే అంత చిన్న స్పీకర్ 100 హెర్ట్జ్ గాలిని కదపలేదు. ఇప్పుడు వాల్యూమ్ కొంచెం తగ్గించుకుని, ఫ్రీక్వెన్సీ మార్చకుండా స్క్వేర్ వేవ్ నొక్కండి. బుర్ర్‌మని గట్టిగా మోగుతుంది.

స్పీకర్ అదే, ఫ్రీక్వెన్సీ అదే. 100 హెర్ట్జ్ పలకలేని స్పీకర్ ఇప్పుడు ఎలా పలికింది? నిజానికి ఇప్పుడు కూడా అది 100 పలకట్లేదు. మీరు విన్నది 300, 500, 700, 900... వీటిని. స్క్వేర్ వేవ్ లోపల ఇవన్నీ ముందే ఉన్నాయి. 200, 400, 600 మాత్రం లేవు. ఎందుకు బేసి సంఖ్యలే ఉన్నాయి, ఒక్కొక్కటి ఎంతెంత ఉంది అన్నదే ఇవాళ్టి సంగతి. దాని చివర ఒక తిరకాసు కూడా ఉంది, అసలు ఎపిసోడ్ చేసింది దాని కోసమే.

స్క్వేర్ వేవ్ అంటే తెలుసు కదా. సగం సేపు +1 దగ్గర చదునుగా ఉంటుంది, టక్కున -1కి పడి, మిగతా సగం అక్కడే ఉంటుంది. మళ్ళీ మొదలు. సైన్ వేవ్ అంటే నున్నగా ఒక గుట్ట, తర్వాత ఒక గుంట. ఇంత మూలలున్న ఆకారంలో అంత నున్నటి సైన్ వేవ్ ఎంత ఉందో కొలవడం ఎలా? పద్ధతి చాలా సింపుల్. రెండింటినీ బిందువు బిందువుకీ గుణించండి, వచ్చినదాని సగటు తీయండి, ఆ సగటుని రెట్టింపు చేయండి. రెట్టింపు ఎందుకంటే, సైన్ వేవ్‌ని దానితోనే గుణిస్తే సగటు సగమే వస్తుంది, ఆ లోటు సరిచేయాలి. వేరువేరు హార్మోనిక్స్‌ని, అంటే మూడో దాన్నీ ఐదో దాన్నీ ఒకదానితో ఒకటి గుణిస్తే సగటు సున్నా. కాబట్టి ఒకదాన్ని కొలుస్తుంటే ఇంకొకటి అడ్డం రాదు. ఫోరియర్ విశ్లేషణ అనే పెద్ద పేరు వెనక ఉన్న పని ఇదే.

ఇప్పుడు కొలుద్దాం. స్క్వేర్ వేవ్ మొదటి సగంలో విలువ 1. ఒకటితో గుణిస్తే ఏమీ మారదు, కాబట్టి ఆ సగంలో మనకి సైన్ వేవ్ మాత్రమే మిగులుతుంది. మొదటి హార్మోనిక్ అయితే అక్కడ పూర్తిగా ఒక గుట్ట. సైన్ గుట్ట సగటు ఎత్తు 2/π, అంటే 0.637. రెట్టిస్తే 1.273. రెండో సగంలో స్క్వేర్ వేవ్ -1, సైన్ కూడా కింద ఉంది. మైనస్ మైనస్ ప్లస్ అయి, అదే సగటు వస్తుంది.

రెండో హార్మోనిక్ చూడండి. అదే సగంలో అది రెండుసార్లు ఊగుతుంది: ఒక గుట్ట, ఒక గుంట. గుట్టలో మట్టి తీసి గుంటలో పోస్తే చదునైపోయింది. సున్నా. అందుకే 200 హెర్ట్జ్ లేదు. నాలుగో దానిలో రెండు గుట్టలు, రెండు గుంటలు. అదీ సున్నా. సరి సంఖ్యలన్నీ ఇలాగే పోతాయి.

మూడో హార్మోనిక్‌లో గుట్ట, గుంట, గుట్ట. ఒక గుట్ట, గుంట కలిసి చదునైపోగా ఒక గుట్ట మిగిలింది. కానీ ఆ గుట్ట వెడల్పు మొత్తంలో మూడో వంతే. అందుకే సగటు కూడా మొదటి దానిలో మూడో వంతే. ఐదో దానిలో రెండు జతలు పోగా మిగిలే గుట్ట ఐదో వంతు. పుస్తకంలో 1/3, 1/5 అని కనిపించినప్పుడు ఇంటిగ్రేషన్ చేస్తే వచ్చిందిలే అని వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశాను చాలా ఏళ్ళు. అది మిగిలిపోయిన ఒక్క గుట్ట వెడల్పు అన్నమాట. మొత్తం కలిపి రాస్తే ఇలా ఉంటుంది:

```
y = (4/π)(sin x + sin 3x/3 + sin 5x/5 + sin 7x/7 + …)
```

విడదీశాం, ఇక తిరిగి కట్టి చూద్దాం. డెస్మోస్‌లో ఒక్కో పదం పెంచుతూ గీస్తే మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. ఒక్క సైన్ ఉన్నప్పుడు 90 డిగ్రీల దగ్గర శిఖరం, ఎత్తు 1.273. మనకి కావలసింది 1, అంటే మరీ ఎక్కువైంది. మూడో హార్మోనిక్ కలపండి. 90 డిగ్రీల దగ్గర దానికి గుంట ఉంది, అందుకే నడిమధ్యలో నొక్కేస్తుంది: 1.273 కాస్తా 0.849 అయింది. అటూ ఇటూ మాత్రం పైకి లేపింది. ఇప్పుడు 45, 135 డిగ్రీల దగ్గర రెండు శిఖరాలు, ఎత్తు 1.200. ఐదోది కలిపితే నడుమ 1.103కి లేస్తుంది, శిఖరాలు 30 డిగ్రీలకి జరుగుతాయి, ఎత్తు 1.188. చదును పెరుగుతోంది, అంచు నిటారుగా అవుతోంది. బాగానే ఉంది కదా.

కానీ ఆ శిఖరం ఎత్తులు మళ్ళీ చూడండి. 1.273, 1.200, 1.188. నాలుగో పదం కూడా కలిపితే 1.184. తగ్గుతోంది నిజమే, కానీ తగ్గుదలకి ఊపిరి అయిపోతోంది. 50 పదాలు, అంటే 99వ హార్మోనిక్ దాకా కలపండి. మధ్యంతా అద్దంలా చదునుగా ఉంటుంది. అంచుకి 1.8 డిగ్రీల దూరంలో మాత్రం ఒక సన్నని కొమ్ము నిలబడి ఉంటుంది, ఎత్తు 1.179. లక్ష పదాలు కలిపినా అంతే. అది ఒకటికి రాదు. +1 మీద 18 శాతం ఎక్కువ. పుస్తకాల్లో 9 శాతం అని కూడా కనిపిస్తుంది, అది -1 నుంచి +1 దాకా ఉన్న మొత్తం దూకుడులో లెక్క. రెండూ ఒకటే, కంగారు పడకండి.

మరి స్క్వేర్ వేవ్ వచ్చినట్టా, రానట్టా? ఫోన్‌కి స్క్రీన్ గార్డ్ అంటించేటప్పుడు గాలి బుడగని వేలితో అంచువైపు తోస్తాం చూశారా? ఇక్కడా అంతే. పదాలు పెంచేకొద్దీ కొమ్ము అంచుకి దగ్గరగా జరుగుతుంది, సన్నబడుతుంది, ఎత్తు మాత్రం తగ్గదు. N పదాలుంటే మొదటి కొమ్ము 90/N డిగ్రీల దగ్గర ఉంటుంది. మీరు 30 డిగ్రీల దగ్గరే కళ్ళు పెట్టుకుని కూర్చుంటే, కొమ్ము ఎప్పుడో మిమ్మల్ని దాటి అంచుకి వెళ్ళిపోతుంది, అక్కడ విలువ నిజంగానే 1కి చేరుతుంది. ఏ బిందువు తీసుకున్నా ఇంతే. కొమ్ము కింద ఉన్న వైశాల్యం కూడా సున్నాకి పోతుంది. అంటే ప్రతి చోటా సరిపోతుంది కానీ, అన్ని చోట్లా ఒకేసారి సరిపోదు. ఈ రెండు మాటలకీ తేడా లేదనుకునే చాలామంది పొరపాటు పడతారు.

దీన్ని గిబ్స్ ఫినామినన్ అంటారు. గిబ్స్ 1899లో నేచర్ పత్రికలో వివరించాడు. దానికి ముందు ఏడాదే మైకెల్సన్, స్ట్రాటన్ కలిసి స్ప్రింగులతో, పళ్ళ చక్రాలతో 80 హార్మోనిక్స్‌ని కలిపి గీసే యంత్రం కట్టారు. అయితే ఇదంతా విల్‌బ్రహమ్ అనే ఆయన 1848లోనే లెక్క కట్టి పెట్టాడు, ఎవరూ పట్టించుకోలేదు. పేరు మాత్రం గిబ్స్‌ది అయింది.

ఇక్కడ నా కథ ఒకటి చెప్పాలి. ఇంజనీరింగ్‌లో ఒక ల్యాబ్‌లో పాత సీఆర్‌ఓ మీద స్క్వేర్ వేవ్ చూస్తుంటే అంచు దగ్గర కొమ్ము కనిపించింది. అప్పుడే గిబ్స్ చదివిన ఊపులో ఉన్నా, రికార్డులో గర్వంగా "గిబ్స్ ఫినామినన్ గమనించాను" అని రాసేశా. వైవాలో మేడమ్ ఒకటే ప్రశ్న అడిగారు: "బాబూ, అంచుకి ముందు కూడా అలలు ఉన్నాయా?" లేవు. ఆవిడ ప్రోబ్ మీదున్న చిన్న స్క్రూ తిప్పారు, కొమ్ము మాయం. అది ప్రోబ్ సరిగ్గా సెట్ చేయకపోవడం వల్ల వచ్చింది.

తేడా ఎలా పట్టుకోవాలో ఆ ప్రశ్నలోనే ఉంది. సైన్ వేవ్స్ కలిపి కట్టినదానిలో అలలు అంచుకి రెండు వైపులా సమానంగా ఉంటాయి, ఎందుకంటే ఆ సైన్ వేవ్స్ మొదటి నుంచీ ఉన్నవే. మామూలు సర్క్యూట్‌కి వోల్టేజ్ దూకబోతోందని ముందే తెలియదు కదా. అది ఊగితే దూకుడు తర్వాతే ఊగుతుంది. దూకుడుకి ముందే అల కనిపించిందంటే, ఎవరో పై ఫ్రీక్వెన్సీలని లెక్కలో టక్కున కత్తిరించారని అర్థం.

అసలు తప్పు ఆ కత్తిరింపులోనే ఉంది. 99వ హార్మోనిక్‌ని పూర్తిగా ఉంచి, 101వదాన్ని పూర్తిగా తీసేయడం వల్లే కొమ్ము వస్తుంది. ఇంకా పదాలు కలపడం దీనికి మందు కాదు, మనం చూశాం. చివరి హార్మోనిక్స్‌ని మెల్లమెల్లగా తగ్గించుకుంటూ పోవాలి. ఫెయేర్ అనే హంగేరియన్ గణితవేత్త 1900లో చూపించిన దారి ఇదే: పై హార్మోనిక్స్‌కి వరుసగా తక్కువ బరువు ఇస్తూ వెళితే మొత్తం ఎప్పుడూ 1 దాటదు. కానీ ఊరికే రాదు, అంచు వాలుగా అవుతుంది. నిటారు అంచు కావాలంటే కొమ్ము భరించాలి, కొమ్ము వద్దంటే వాలు భరించాలి. ఉన్న హార్మోనిక్స్‌తో రెండూ ఒకేసారి దొరకవు.

ఈ కొమ్ముకి దగ్గరి చుట్టం ఒకటి మీ గ్యాలరీలోనే ఉంది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాల ఫోటో, నాలుగు గ్రూపుల్లో ఫార్వర్డ్ అయి వచ్చింది ఒకటి వెతకండి. జూమ్ చేయండి. అక్షరాల చుట్టూ బూడిద రంగు అలలు, మరకలు కనిపిస్తాయి. జేపెగ్ కూడా బొమ్మని 8×8 చుక్కల గళ్ళుగా కోసి, ఒక్కో గడిని కొసైన్ తరంగాలుగా విడదీస్తుంది, సైజు తగ్గించడానికి పై ఫ్రీక్వెన్సీలని ముతకగా గుండ్రం చేస్తుంది, చాలావాటిని సున్నా చేసేస్తుంది. నలుపు నుంచి తెలుపుకి దూకే ప్రతి అంచూ ఒక స్క్వేర్ వేవ్ మూలే కదా. ఆకాశం ఫోటోలో అదే కంప్రెషన్ ఉన్నా ఈ అలలు కనపడవు, ఎందుకంటే అక్కడ దూకే అంచులు లేవు.

అలాంటి ఫోటో దొరికితే, మరకలు అక్షరం నుంచి ఎంత దూరం పోయాయో చుక్కలు లెక్కపెట్టి కామెంట్లో పెట్టండి. గడి గీత దగ్గర టక్కున ఆగిపోతున్నాయా లేదా కూడా చూడండి. వచ్చే ఎపిసోడ్ అక్కణ్ణించే మొదలుపెడదాం.